ఈ ఫొటో రాజురాదా, ఆసిఫాబాద్‌దా? బస్సు, జీపు, ఆటో చూసి చెప్పగలరా

బల్లార్షా రవళి

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని బల్లార్షా. తాతయ్య బొగ్గు గని పనికి కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా నానమ్మ 2013 దీపావళికి ముందు చనిపోయింది. ఆల్బమ్‌లో ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో ఒకటి దొరికింది. చెరుకు రసం బండి పక్కన గ్లాసు పట్టుకుని నవ్వుతోంది. మా దగ్గరున్న వాటిలో ఆవిడ నవ్వుతున్నది ఇదొక్కటే. అది ఏ ఊరో ఎవరికీ తెలియడం లేదు. వెనక తెలుగు బోర్డు ఉన్న బట్టల కొట్టు కనిపిస్తోంది కాబట్టి ఆసిఫాబాద్ అంటుంది అమ్మ. బాబాయి మాత్రం మా చంద్రపూర్ జిల్లాలోనే ఉన్న రాజురా అంటాడు.

ఫొటోలో ఉన్నవి చెప్తాను. ఎడమ వైపు ఎర్ర బస్సు, సగమే పడింది. దాని పక్కభాగం మీద హిందీ అక్షరాల్లో "…రా ఆగార్" అని ఉంది, ముందు అక్షరాలు మనిషి అడ్డం. ప్లేటు మీద ఎంహెచ్ 40 చదవగలుగుతున్నాను. మధ్యలో నలుపు, పసుపు రంగు జీపు. దాని వెనక పెద్ద ఆటో. కుడి పక్కన ఏపీ 01 నంబరు బైకు. దూరంగా బానెట్ మీద పూలదండ వేసిన తెల్ల డిజైర్ కారు, దానికి ఇంకా నంబరు లేదు.

ఇన్ని బండ్లున్నాయి కదా, వీటిని బట్టి ఊరు చెప్పవచ్చా?

చాందా ప్రభాకర్

ఇందులో ఆలోచించడానికేముంది రవళీ! ఎర్ర బస్సు అంటే మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ నడిపే ఎస్టీ బస్సు. ఎంహెచ్ 40 అంటే నాగపూర్ గ్రామీణ. కాబట్టి ఈ ఫొటో నాగపూర్ చుట్టుపక్కల ఏదో ఊళ్లో తీసింది. మీ అమ్మగారూ, బాబాయిగారూ ఇద్దరూ పొరపడ్డారు.

వాంకిడి వెంకటి

నాగపూర్ పక్కన ఏపీ 01 బైకు ఎందుకుంటదన్నా? అది ఆదిలాబాద్ నంబరు. అప్పట్లో ఆసిఫాబాద్ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండె. తెలుగు బోర్డు కూడా ఉందంటున్నది. నా మటుకు అమ్మ చెప్పిందే కరెక్టు. ఎస్టీ బస్సులు ఆసిఫాబాద్‌కు రోజూ వస్తయి, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న.

సిరోంచ సమ్మయ్య

రవళి గారూ, నేను ముప్పై ఏళ్లు ఈ సరిహద్దు రోడ్ల మీదే లారీ నడిపాను. తర్వాత బస్సుల ఫొటోలు పోగు చేయడం అలవాటైంది. ముందు ప్రభాకర్ గారి మాటలో ఒక పొరపాటు సరిచేయాలి, లేకపోతే మనం వంద కిలోమీటర్ల దూరంలో వెతుకుతాం.

ఎస్టీ బస్సు నంబరును బట్టి అది ఏ జిల్లాలో తిరుగుతుందో చెప్పలేం. ఆ సంస్థ తన బస్సుల బాడీలు చాలావరకు తన సొంత వర్క్‌షాపుల్లోనే కట్టుకునేది. పుణె దగ్గర దాపోడి, ఔరంగాబాద్‌లో చికల్‌ఠాణా, నాగపూర్ దగ్గర హింగ్ణా. బస్సు ఎక్కడ తయారైతే రిజిస్ట్రేషన్ అక్కడే. అందుకే దాపోడి బస్సుకు ఎంహెచ్ 14, చికల్‌ఠాణా బస్సుకు ఎంహెచ్ 20, హింగ్ణా బస్సుకు ఎంహెచ్ 40 కనిపిస్తాయి. చంద్రపూర్ జిల్లా సొంత కోడ్ 34. అయినా చంద్రపూర్ బస్టాండులో నిలబడి చూస్తే, ఎస్టీ బస్సుల మీద 34 కంటే 40 ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఆ ప్లేటు చెప్పేది ఒక్కటే: ఈ బస్సు హింగ్ణాలో పుట్టింది.

రంగు సంగతి కూడా. ఒకప్పుడు మన ఆర్టీసీ బస్సూ ఎరుపే. "ఎర్రబస్సు ఎక్కి వచ్చాడు" అన్న మాట అందుకే వచ్చింది. 1990ల నాటి ఫొటోలో ఎరుపు చూసి మహారాష్ట్ర అనుకుంటే మోసపోతాం. కానీ ఇక్కడ ఆ భయం లేదు, ఎందుకంటే "ఆగార్" అన్న మాట ఉంది. డిపోను మరాఠీలో ఆగార్ అంటారు. ఆర్టీసీ వాళ్లయితే డిపో అనే రాస్తారు. పైగా ఆర్టీసీ సొంత బస్సయితే నంబరులో జెడ్ అక్షరం ఉంటుంది, అద్దె బస్సుకు మాత్రం ఉండదు.

ఇక "…రా ఆగార్". చంద్రపూర్ డివిజన్‌లో ఆగార్లు చంద్రపూర్, రాజురా, వరోరా, చిమూర్. వీటిలో "రా"తో ముగిసేవి రెండు: రాజురా, వరోరా. కొంచెం దూరంలో భండారా కూడా ఉంది. అంటే బస్సు సొంతూరు ఈ మూడింట్లో ఒకటి. కానీ ఫొటో అక్కడే తీశారని దీన్ని బట్టి అనలేం. రాజురా బస్సు ఆసిఫాబాద్ బస్టాండులో కూడా నిలబడుతుంది కదా, వెంకటి తమ్ముడు చెప్పినట్టు.

బల్లార్షా రవళి

అయ్యో, అయితే బస్సు వల్ల ఏమీ తేలదా సమ్మయ్య గారూ? నేను దాని మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నాను.

సిరోంచ సమ్మయ్య

తేలదు. ఫొటోలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది అదే, కానీ మనకు అన్నిటికంటే తక్కువ ఉపయోగపడేదీ అదే. బస్సు రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరుగుతుంది. నేను ఫొటో చూసేటప్పుడు ఏ బండి ఎంత దూరం పోగలదు అని ముందు అడుగుతాను. ఆటోకు పర్మిట్ పరిధి ఉంటుంది, పక్క రాష్ట్రానికి పోదు. కాబట్టి జీపు, ఆటో నంబర్లు చెప్పండి.

కాగజ్‌నగర్ సతీష్

నమస్తే. నంబర్ల గురించే కదా, నా సమస్య కూడా చెప్తాను. పోయిన ఏడాది రాజురాలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ బొలెరో కొన్నాను, ఎంహెచ్ 34. ఇక్కడికి తెచ్చి పద్నాలుగు నెలలైంది. పోలీసులు ఆపినప్పుడల్లా టెన్షన్. ఇప్పుడు ఇక్కడి నంబరుకు మార్చాలంటే ఏం చేయాలి?

చాందా ప్రభాకర్

సతీష్ గారూ, ఇది ఫొటో గురించిన చర్చ. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోండి. తర్వాత మీ ఆర్టీవోలో ఫారం 27 ఇచ్చి కొత్త నంబరు అడగాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచుకుంటే మార్చుకోవాల్సిందేనని చట్టం. మీకు ఆ గడువు దాటింది, ఆలస్యం చేయకండి. మిగతాది వేరే థ్రెడ్ పెట్టి అడగండి.

సిరోంచ సమ్మయ్య

సతీష్ తమ్ముడి బొలెరో మనకు పనికొచ్చే ఉదాహరణే. కాగజ్‌నగర్ వీధిలో ఇవాళ ఎవరైనా ఫొటో తీస్తే, అందులో ఎంహెచ్ 34 బొలెరో పడుతుంది. పదేళ్ల తర్వాత చూసినవాళ్లు అది మహారాష్ట్ర అనుకుంటారు. సొంత కార్లు, బైకులు ఇలాగే ఉంటాయి. అమ్ముతారు, కొంటారు, పెళ్లికి వస్తారు, ఆసుపత్రికి వస్తారు. కాబట్టి వెంకటి తమ్ముడూ, ఆ ఏపీ 01 బైకును పట్టుకుని ఆసిఫాబాద్ అనలేం. రాజురా నుంచి ఆసిఫాబాద్ ఒక పూట ప్రయాణం కూడా కాదు.

రాయగడ లక్ష్మి

నేను ఒడిశా వైపు నుంచి. మా దగ్గర కథ వేరేగా ఉంటుంది, కానీ సమ్మయ్య గారి మాట ఇక్కడా నిజమే. పార్వతీపురం నుంచి ఆర్టీసీ బస్సులు రాయగడకు వస్తాయి, కాబట్టి ఆంధ్ర బస్సు కనిపించినంత మాత్రాన అది ఆంధ్ర కాదు. మా వైపు ప్రైవేటు బస్సులు ఎక్కువ. వాటి నుదుటి మీద పేరు పెద్దగా రాసి ఉంటుంది. మా నాన్న పాత ఫొటోలో ఒక బస్సు పేరు చూసి పక్కింటి తాత, "ఇది పొద్దున గుణుపురం పోయే బండి" అని ఠక్కున చెప్పేశారు. ఊరు దానితోనే తెలిసింది.

ఇంకొకటి, మా దగ్గర సంవత్సరం పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. 2012 వరకు ఓఆర్ అని నంబర్లు ఇచ్చేవారు, తర్వాత ఓడీ చేశారు. ఫొటోలో ఒక్క ఓడీ 18 కనిపించినా చాలు, అది 2012కు ముందుది కాదు. ఓఆర్ కనిపిస్తే మాత్రం ఏమీ అనలేం, పాత బండ్లు ఇప్పటికీ అదే ప్లేటుతో తిరుగుతున్నాయి.

బల్లార్షా రవళి

లక్ష్మక్కా, ధన్యవాదాలు. సమ్మయ్య గారూ, భూతద్దం పెట్టి చూశాను. ఆటో ప్లేటు పసుపు రంగు. ఎంహెచ్ తర్వాత 3 స్పష్టంగా ఉంది. రెండో అంకె 3 లాగా, 4 లాగా, ఒక్కోసారి 8 లాగా కూడా కనిపిస్తోంది. ఫోన్లో ఫొటో తీసి షార్ప్ చేస్తే 8 అయింది.

సిరోంచ సమ్మయ్య

ఆ షార్ప్ చేసినదాన్ని పక్కన పెట్టండమ్మా. ఫోను అంచులను నల్లగా చేస్తుంది, సందులను పూడ్చేస్తుంది. అప్పుడు 3 కూడా 8 అవుతుంది. ఆల్బమ్‌లోంచి ఫొటో తీయగలిగితే 600 డీపీఐలో స్కాన్ చేయించండి, ఏ మార్పూ చేయవద్దని చెప్పండి.

ఈ ఒక్క అంకె మీదే చాలా ఉంది. 33 గడ్చిరోలి, 34 చంద్రపూర్. 33 అయితే మా సిరోంచ, అహేరి వైపు వెతకాలి, ఇక్కడ తెలుగు బోర్డులు మామూలే. 34 అయితే మీ బాబాయి మాట నిలబడుతుంది.

స్కాన్ వచ్చాక అంకె మొత్తాన్ని చూడకండి, కింది సగమే చూడండి. 3కు కింద కడుపు ఉంటుంది, గుండ్రంగా ఎడమకు తిరుగుతుంది. 4కు కింద ఒక్క నిలువు గీత, అదీ కుడి వైపుకు జరిగి ఉంటుంది, ఎడమ పక్క ఖాళీ. మసకగా ఉన్నా ఆ ఖాళీ పసుపుగా మెరుస్తుంది. కాయితం ముక్కతో పై సగం మూసి చూడండి, తేడా తెలుస్తుంది.

బల్లార్షా రవళి

స్కాన్ చేయించాను. మీరు చెప్పినట్టే పై సగం మూసి చూశాను. కింద ఎడమ వైపు పసుపే ఉంది! నిలువు గీత కుడి వైపు ఉంది. అది 4. ఎంహెచ్ 34.

జీపు ప్లేటు సగం విరిగి ఉంది, ఎంహెచ్ ఒక్కటే కనిపిస్తోంది. కానీ ముందు అద్దం పైన బోర్డు ఉంది, చివర "చాందూర్" అని చదవగలుగుతున్నాను.

కోర్పనా గంగాధర్

చాందూర్ అంటే గడ్‌చాందూర్, మా పక్క ఊరే! సిమెంటు ఫ్యాక్టరీల ఊరు. అది కాళీ-పివళీ జీపు అక్కా. నలుపు బాడీ, పసుపు టాప్. మా తాలూకాలో బస్సు తప్పిపోతే ఇక అదే దిక్కు. తొమ్మిది మందికి చోటుంటే పదిహేను మంది ఎక్కేవాళ్లం. నేను కాలేజీకి రెండేళ్లు వెనక మెట్టు మీద నిలబడే పోయాను. ఈ రంగు జీపులు అటు తెలంగాణలో ఉండవు, అక్కడి షేరింగ్ జీపులకు ఈ రంగు వేయరు.

చాందా ప్రభాకర్

చాందూర్ అమరావతి జిల్లాలో కూడా ఉంది. చాందూర్ రైల్వే, చాందూర్ బజార్ అని రెండు ఊళ్లు. కాబట్టి వెంటనే గడ్‌చాందూర్ అనుకోకండి.

సిరోంచ సమ్మయ్య

బాగా గుర్తు చేశారు ప్రభాకర్ గారూ, అది చూడాల్సిందే. కానీ పక్కనే ఎంహెచ్ 34 ఆటో ఉంది. చంద్రపూర్ జిల్లా ఆటో అమరావతి దాకా పోయి నిలబడదు. జీపు ఒక్కటే ఉంటే మీ అనుమానం తీరేది కాదు. ఇప్పుడు జీపు, ఆటో రెండూ చంద్రపూర్ జిల్లానే చూపిస్తున్నాయి. గడ్‌చాందూర్ బోర్డు పెట్టుకున్న జీపు గడ్‌చాందూర్ కాని చోట జనం కోసం ఆగి ఉండాలి. ఆ లైనులో పెద్ద ఊరు, బస్సులు ఆగే ఊరు రాజురా. "…రా ఆగార్"తో కూడా అది సరిపోతుంది. వరోరాను పూర్తిగా కొట్టేయలేను కానీ, అక్కడి నుంచి గడ్‌చాందూర్‌కు నేరుగా జీపు నడవడం నేను చూడలేదు.

వాంకిడి వెంకటి

సమ్మయ్యన్నా, ఒక్క మాట. మా వాంకిడి సంతకు కాళీ-పివళీలు లక్కడ్‌కోట్ దాటి వచ్చేవి. పర్మిట్ ఉండెనో లేదో నాకు తెల్వదు, కానీ వచ్చేవి, నేను ఎక్కిన. జీపు కనిపించింది కాబట్టి తెలంగాణ కానే కాదని గట్టిగ అనలేం.

కోర్పనా గంగాధర్

సంత రోజు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవేమో వెంకటన్నా. గడ్‌చాందూర్ బోర్డు పెట్టుకుని వాంకిడికి ఎందుకొస్తాయి?

వాంకిడి వెంకటి

బోర్డు ఎవడు మారుస్తడు తమ్మీ, ఒక్కసారి పెడితే ఊడేదాక అదే ఉంటది.

సిరోంచ సమ్మయ్య

వెంకటి చెప్పింది నేను తోసిపుచ్చను. సరిహద్దుకు పది కిలోమీటర్లలో అలాంటివి జరుగుతాయి. కానీ ఆసిఫాబాద్ సరిహద్దు నుంచి ఇంకా లోపలికి ఉంది. అక్కడ జీపూ, ఆటో రెండూ మహారాష్ట్రవే ఉండి, తెలంగాణ వైపు ఆటో ఒక్కటీ ఫొటోలో పడకపోవడం కష్టం. రవళి గారూ, ఫొటోలో వేరే ఆటో ఏదైనా ఉందా?

బల్లార్షా రవళి

లేదు, ఆ ఒక్కటే. అయితే సంవత్సరం కూడా చెప్పగలరా? నానమ్మ పోయేనాటికి ఎంత కాలం ముందుదో తెలుసుకోవాలని ఉంది.

సిరోంచ సమ్మయ్య

దానికి పూలదండ కారు ఉంది. నంబరు లేదు, దండ ఉంది అంటే షోరూమ్ నుంచి వచ్చి కొన్ని రోజులే అయింది. పాత కారయితే "దీని తర్వాతది" అని మాత్రమే చెప్పగలం. కొత్త కారు రెండు వైపులా హద్దు పెడుతుంది. డిజైర్ మొదటి రకం 2008 మార్చిలో వచ్చింది. రెండోది 2012 ఫిబ్రవరిలో వచ్చింది, దాని డిక్కీ కురచ. నాలుగు మీటర్లలోపు ఉంటే పన్ను తక్కువ కాబట్టి వెనక కోసేసినట్టు ఉంటుంది. మొదటి దాని డిక్కీ పొడుగు, స్విఫ్ట్‌కు వెనక పెట్టె అతికించినట్టు కనిపిస్తుంది. మీ ఫొటోలో ఏది?

బల్లార్షా రవళి

పక్క నుంచి కనిపిస్తోంది. డిక్కీ పొడుగే. వెనక తలుపుకూ చివరకూ మధ్య చాలా చోటుంది.

సిరోంచ సమ్మయ్య

అయితే మొదటి రకం. చెరుకు రసం బండి ఉంది కాబట్టి ఎండాకాలం అనుకుందాం. అలా చూస్తే 2008 నుంచి 2011 వరకు నాలుగు ఎండాకాలాల్లో ఒకటి.

చాందా ప్రభాకర్

ఒక అడ్డంకి ఉంది సమ్మయ్య గారూ. 2012 తర్వాత కూడా ఆ పాత ఆకారాన్నే డిజైర్ టూర్ అనే పేరుతో ట్యాక్సీల కోసం అమ్మారు. మా బావమరిది తీసుకున్నాడు. నంబరు లేని కారు సొంతదో, ట్యాక్సీదో ఎలా తెలుస్తుంది?

సిరోంచ సమ్మయ్య

మీరు చెప్పింది నిజం, నేను మర్చిపోయాను. ప్లేటు లేకపోతే ఆకారం చూసి తెలియదు. అప్పుడు 2012, 2013 ఎండాకాలాలు కూడా కలపాలి. నానమ్మ గారు 2013 దీపావళికి ముందే పోయారు కాబట్టి అంతకు మించి రాదు. మొత్తం ఆరు ఎండాకాలాలు. రవళి గారూ, ఆవిడ చేతికి గాజులున్నాయా? తాతగారు ఎప్పుడు పోయారు?

బల్లార్షా రవళి

తాతయ్య 2010 జనవరిలో పోయారు. ఫొటోలో నానమ్మ రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులున్నాయి. నుదుట పెద్ద బొట్టు ఉంది. తాతయ్య పోయాక ఆవిడ గాజులు వేసుకోలేదు. అంటే 2008 గానీ 2009 గానీ. ఇన్నాళ్లూ ఈ ఫొటో చేతిలో పెట్టుకుని నేను గాజులు చూడలేదు.

రాయగడ లక్ష్మి

రవళీ, 2009 ఎండాకాలంలో మీ ఇంట్లో ఏదైనా పెళ్లో, ఆసుపత్రి పనో ఉందేమో బాబాయిని అడిగి చూడు. ఆవిడ రాజురా ఎందుకు వెళ్లిందో తెలిస్తే ఫొటో ఎవరు తీశారో కూడా తెలుస్తుంది.

బల్లార్షా రవళి

అడిగాను అక్కా. 2009 మే నెలలో మేనత్త వాళ్లింటికి గడ్‌చాందూర్ వెళ్లిందట, బాబాయే రాజురా దాకా దింపాడట. ఫొటో తీసినట్టు ఆయనకు గుర్తు లేదు. అమ్మ మాత్రం ఇంకా ఆసిఫాబాదే అంటోంది, ఆ బట్టల కొట్టు తను చూశానంటోంది. ఆదివారం బాబాయితో రాజురా వెళ్తున్నాను. గంగాధర్ గారూ, 2009 ప్రాంతంలో గడ్‌చాందూర్ జీపులు రాజురాలో సరిగ్గా ఎక్కడ ఆగేవి?

కోర్పనా గంగాధర్

బస్టాండ్ బయట రోడ్డు మీద ఆగేవి అక్కా. పోలీసులు తరిమినప్పుడు కొన్నాళ్లు ముందు చౌక్ దగ్గరకు జరిగేవి. రెండు చోట్లా చూడండి. మా మామ ఆ లైనులో జీపు నడిపాడు, తెలుగు బోర్డు బట్టల కొట్టు ఏదైనా ఉండేదా అని రేపు అడిగి ఇక్కడే రాస్తాను.